ఈలోనా, గ్లికోనా, ట్రూస్కిలా? చిన్న ఆన్‌లైన్ లీగ్‌కి ఏ రేటింగ్ పెట్టుకోవాలి

మా ఆన్‌లైన్ చెస్ లీగ్ చిన్నది. నల్గొండ, మిర్యాలగూడ, దేవరకొండ కలిపి 60 మంది దాకా ఆడతారు, అందులో కాలేజీ పిల్లలే ఎక్కువ. మొదటి రెండేళ్లు ఈలో రేటింగ్‌తో నడిపాం. ఒక రాత్రి, మా దగ్గర 1700 రేటింగ్ ఉన్న అబ్బాయి దేవరకొండ నుంచి అప్పుడే చేరిన ఒక పిల్లవాడి చేతిలో ఓడిపోయాడు. కొత్తగా చేరినవాళ్లందరికీ మేం 1500 ఇచ్చేవాళ్లం, అతనికీ అంతే ఇచ్చాం. పది నిమిషాల్లో నాకు ఫోన్ వచ్చింది.

"అన్నా, వాడు ఇంటర్నెట్ల ఏడేండ్ల నుంచి ఆడుతున్నడంట. మీరు వానికి 1500 ఇచ్చి నా మీదికి తోలిన్రు. 24 పాయింట్లు నాయే పోవాల్నా?"

లెక్క చూస్తే సరిగ్గానే ఉంది. తప్పు లెక్కలో కాదు, లెక్క పద్ధతిలో ఉంది. అతను అడిగింది న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు వెతుక్కుంటూ మేం పద్ధతే మార్చుకున్నాం. మీరు కూడా ఊళ్లోనో కాలేజీలోనో ఇలాంటి లీగ్ పెట్టుకుంటుంటే, మూడు పద్ధతుల్లో ఏది ఎక్కడ పనికొస్తుందో నాకు తెలిసినంత చెప్తాను. నా తీర్పు ముందే చెప్పేస్తున్నా. ఒకరితో ఒకరు ఆడే ఆటైతే గ్లికో పెట్టుకోండి. టీములుగా ఆడుతూ, టీములు మారుతూ ఉంటే ట్రూస్కిల్ రకం పెట్టుకోండి. ఎప్పుడూ అదే పాతిక మంది, ఏడాది పొడుగునా క్రమం తప్పకుండా ఆడుతుంటేనే ఈలో చాలు.

ఈలో ఏం చేస్తుంది

అర్పాద్ ఈలో హంగరీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఫిజిక్స్ ప్రొఫెసర్. ఆయన పద్ధతిని అమెరికా చెస్ సమాఖ్య 1960లో, ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే 1970లో తీసుకున్నాయి. అందులో ఉన్న ఆలోచన ఒక్కటే. ఇద్దరి రేటింగుల మధ్య తేడాను బట్టి ఎవరికి ఎంత గెలుపు అవకాశం ఉందో ముందే లెక్క కడతారు. ఆట అయ్యాక, అనుకున్నదానికి జరిగినదానికి ఎంత తేడా ఉంటే అంత మేర పాయింట్లు సర్దుతారు. షీట్‌లో A2లో మీ రేటింగ్, B2లో ఎదుటివాడి రేటింగ్ పెట్టి ఇది కొట్టి చూడండి:

```
=1/(1+10^((B2-A2)/400))
```

తేడా 100 ఉంటే పైవాడికి 64 శాతం, 200 ఉంటే 76 శాతం, 400 ఉంటే 91 శాతం వస్తుంది. చెస్‌లో డ్రా అయితే అర గెలుపుగా లెక్క. ఆ తర్వాత కే అనే ఒక అంకె ఉంటుంది. ఒక ఆటలో ఎక్కువలో ఎక్కువ ఎన్ని పాయింట్లు కదలాలో అది చెబుతుంది. మేం 32 పెట్టుకున్నాం. ఫిడే మాత్రం కొత్తవాళ్లకి 40, మామూలు ఆటగాళ్లకి 20, 2400 అందుకున్నవాళ్లకి 10 వాడుతుంది.

మా అబ్బాయి సంగతికి వద్దాం. 1700, 1500 మధ్య ఆట. కొత్తవాడికి 24 శాతం అవకాశం, కానీ గెలిచాడు. 32ని 0.76తో గుణిస్తే 24. అతనికి 24 కలిసి 1524 అయ్యాడు, మనవాడికి 24 పోయి 1676 అయ్యాడు. ఇద్దరికీ కే ఒకటే అయితే ఒకరికి ఎన్ని వస్తే ఇంకొకరికి అన్నే పోవాలి, ఈలోలో పాయింట్లు ఎక్కడి నుంచో ఊడిపడవు.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఆ కొత్త పిల్లవాడి అసలు బలం 1800 అనుకుందాం. 1500 నుంచి 1750 దాకా రావడానికి ఈ లెక్కలో అతనికి సుమారు 40 ఆటలు పడతాయి, ఎందుకంటే గమ్యం దగ్గరపడేకొద్దీ ఒక్కో ఆటలో వచ్చేది తగ్గిపోతుంది. మా దగ్గర వారానికి రెండు ఆటలు. అంటే ఐదు నెలలు. ఆ ఐదు నెలలూ అతని పేరు పక్కన ఉండేది తప్పు అంకె. పైగా అతనెక్కిన 250 పాయింట్లూ అతని చేతిలో ఓడిన మన పిల్లల జేబుల్లోంచే పోతాయి. వాళ్ల ఆట ఏమీ పాడవలేదు, అయినా రేటింగ్ దిగింది. అలాంటి కొత్తవాళ్లు ఏడాదికి ఆరుగురు చేరితే లీగ్ మొత్తం కిందికి జారుతుంది. "పోయినేడు నేను 1700, ఇప్పుడు 1620, మరి నా ఆట తగ్గిందా అన్నా?" అని అడిగిన పిల్లలు నాకు గుర్తున్నారు. తగ్గలేదు.

కే పెంచితే పోదా అంటారు. పోదు. పెంచితే కొత్తవాడు త్వరగా ఎక్కుతాడు గానీ, ఏళ్ల తరబడి ఆడుతున్నవాడి రేటింగ్ కూడా ఒక్క చెడ్డ ఆదివారానికి వంద పాయింట్లు ఊగిపోతుంది. కొత్తవాడికి ఒక కే, పాతవాడికి ఒక కే పెట్టుకోవచ్చు. ఫిడే చేసేది అదే. కానీ ఎవరు కొత్త, ఎవరు పాత అన్నది ఆటల సంఖ్యతో మీరు గీత గీసి చెప్పాలి. ఆ గీత పనిని గ్లికో తనే చేసుకుంటుంది.

గ్లికో: అంకెతో పాటు అనుమానం

మన జిల్లాలో బత్తాయి తోట కొనడానికి వచ్చే వ్యాపారిని చూడండి. గట్టు మీద నిలబడి ఒక్క చూపు చూసినవాడు "ఎనిమిది నుంచి పదమూడు టన్నులు పడొచ్చు" అంటాడు. రెండుసార్లు తోటంతా తిరిగి, నాలుగు మూలలా చెట్లకు కాయలు లెక్కపెట్టినవాడు "పది, అటూ ఇటూ అర టన్ను" అంటాడు. ఇద్దరి అంచనాలోనూ నడిమి అంకె పదికి దగ్గర్లోనే ఉంది. కానీ మొదటివాడికి ఇంకొకరు వచ్చి "తూర్పు పక్క కాయ రాలింది" అని చెబితే అతని మాట వెంటనే మారిపోతుంది. రెండోవాడు తల ఊపి ఊరుకుంటాడు.

మార్క్ గ్లిక్‌మన్ 1995లో తయారు చేసిన గ్లికో పద్ధతి సరిగ్గా ఈ అటూ ఇటూ ఎంతో కూడా దాచుకుంటుంది. రేటింగ్ పక్కన రేటింగ్ డీవియేషన్, పొట్టిగా ఆర్డీ, అని ఇంకొక సంఖ్య ఉంటుంది. కొత్తవాడికి రేటింగ్ 1500, ఆర్డీ 350. ఆర్డీకి రెండింతలు అటూ ఇటూ వేసుకుంటే, వాడి అసలు బలం 800 నుంచి 2200 లోపు ఎక్కడైనా ఉండొచ్చు అని ఆ పద్ధతే ఒప్పుకుంటోందన్న మాట. చాలా ఆటలు ఆడినవాడి ఆర్డీ 60కి దిగి ఉంటుంది. 1700 పక్కన 60 అంటే 1580, 1820 మధ్య.

ఇప్పుడు అదే ఆటను గ్లికోతో లెక్కేశాను. మనవాడు 1700, ఆర్డీ 60. కొత్తవాడు 1500, ఆర్డీ 350. కొత్తవాడు గెలిచాడు. అతని రేటింగ్ 1500 నుంచి ఒక్కసారిగా 1804కి ఎక్కింది, ఆర్డీ 350 నుంచి 267కి తగ్గింది. మనవాడికి పోయింది 9 పాయింట్లు మాత్రమే. 24 కాదు, 9. ఎందుకంటే "నిన్ను ఓడించినవాడి బలం ఎంతో నాకే సరిగ్గా తెలియదు, కాబట్టి ఆ ఓటమి నుంచి నీ గురించి నేను నేర్చుకునేది కొంచెమే" అంటుంది గ్లికో. ఆ రాత్రి ఫోన్‌లో అతను అడిగిందీ ఇదే.

ఇక్కడ ఇద్దరి మార్పులూ సమానం కావని గమనించండి. ఒకరికి 304 కలిసింది, ఒకరికి 9 పోయింది. అందుకే బలమైన కొత్తవాళ్లు చేరినప్పుడు లీగ్ అంతా కిందికి జారడం దీనిలో బాగా తగ్గుతుంది. 1804 అన్నది కూడా ఎక్కువే కావచ్చు. కానీ ఆర్డీ ఇంకా 267 ఉంది కాబట్టి తర్వాతి రెండు ఆటల్లో ఓడితే అంతే వేగంగా దిగుతాడు. ఐదారు ఆటల్లో అంకె కుదురుకుంటుంది. రెండో ఐడీ చేసుకుని కొత్తవాడిలా వచ్చే గట్టి ఆటగాళ్ల బెడద కూడా దీనితో తగ్గుతుంది. వాళ్లు పూర్తిగా ఆగరు గానీ, మూడో ఆటకే పైవాళ్ల దగ్గరికి వెళ్లిపోతారు, కింద ఉన్న పిల్లల్ని వారాల తరబడి చితక్కొట్టే వీలుండదు.

ఆపేసి మళ్లీ వచ్చేవాళ్లు

నాకు గ్లికో నచ్చడానికి ఇంకొక కారణం మా పిల్లల జీవితమే. సెమిస్టర్ పరీక్షలొస్తే రెండు నెలలు కనబడరు. గ్రూప్స్ కోచింగ్ అని హైదరాబాద్ పోతే నాలుగైదు నెలలు మాయం. కొందరు నాట్లప్పుడు, కోతలప్పుడు పొలం పనికి పోతారు. ఈలోలో వాళ్ల రేటింగ్ ఎక్కడ వదిలేశారో అక్కడే రాయిలా ఉంటుంది. గ్లికోలో ఆడని ప్రతి విడతకీ ఆర్డీ పెరుగుతుంది. రేటింగ్ మారదు, దాని మీద నమ్మకం మాత్రం సడలుతుంది.

ఎంత వేగంగా పెరగాలో మీరే నిర్ణయించాలి, దానికి సీ అనే ఒక అంకె ఉంది. "ఆర్డీ 60 ఉన్నవాడు రెండేళ్లు ఆడకపోతే మళ్లీ కొత్తవాడితో సమానం, అంటే 350" అని మేం అనుకున్నాం. 350 వర్గంలోంచి 60 వర్గం తీసేసి, 24 నెలలతో భాగించి, వర్గమూలం తీస్తే సీ సుమారు 70 వచ్చింది. ఆ లెక్కన నాలుగు నెలలు ఆడనివాడి ఆర్డీ 60 నుంచి 153కి చేరుతుంది. అలాంటివాడు, 1700, తిరిగొచ్చి తనంత రేటింగే ఉన్న స్థిరమైన ఆటగాడి చేతిలో ఓడితే 56 పాయింట్లు పోతాయి. మానకుండా ఆడి ఉంటే అదే ఓటమికి 10 పోయేవి. మొదట్లో పిల్లలు దీన్ని శిక్ష అనుకున్నారు. గెలిస్తే 56 వస్తాయని కూడా చూపించాక ఒప్పుకున్నారు.

గ్లిక్‌మన్ అసలు పద్ధతిలో ఆటలన్నీ ఒక విడతగా, అంటే నెలకోసారో రెండు నెలలకోసారో కలిపి లెక్కేయాలి, ఒక్కొక్కరికి ఐదు నుంచి పది ఆటలు పడేలా. మేం ప్రతి ఆటకీ సర్దుతాం, ఆర్డీ పెంచడం మాత్రం నెల మొదటి తారీఖున చేస్తాం. ఆన్‌లైన్ చెస్ సైట్లలో రేటింగ్ ఆట అయిన వెంటనే మారడం మీరు చూసే ఉంటారు. లీచెస్ వాడేది గ్లికో-2. అందులో మూడో అంకె ఒకటి ఉంటుంది. ఒకడి ఫలితాలు ఎంత నిలకడగా, ఎంత ఎగుడుదిగుడుగా ఉన్నాయో అది చూస్తుంది. లీచెస్‌లో కొత్త ఆటగాడి రేటింగ్ పక్కన ప్రశ్న గుర్తు కనబడుతుంది కదా, ఆర్డీ 110 కన్నా ఎక్కువ ఉన్నంతకాలం అది పోదు. మేమూ ఆ గుర్తే అరువు తెచ్చుకున్నాం. 60 మంది లీగ్‌కి మూడో అంకె అవసరం లేదని నా అనుభవం. మామూలు గ్లికో చాలు.

జతలు కట్టేటప్పుడు కూడా ఆర్డీ పనికొస్తుంది. రాత్రి 9 గంటలకి మా దగ్గర ఆన్‌లైన్‌లో ఉండేది 14 మంది. "100 తేడా లోపే జత" అని పట్టుబడితే సగం మందికి ఆట దొరకదు. అందుకని అర నిమిషం 100 లోపు వెతుకుతాం, దొరక్కపోతే 200 దాకా పోతాం. 200 తేడా అంటే నాలుగు ఆటల్లో మూడు పైవాడివే, అంతకు మించి తేడా ఉంటే కిందివాడికి టెన్షన్ తప్ప ఆట మిగలదు. ప్రశ్న గుర్తు ఉన్న కొత్తవాణ్ని ఆర్డీ తక్కువ ఉన్న పాతవాడితో కలపండి. పాతవాడికి పోయేది కొంచెం, కొత్తవాడి గురించి తెలిసేది ఎక్కువ. ఇద్దరు కొత్తవాళ్లను కలిపితే ఆ ఆటతో ఎవరి గురించీ పెద్దగా తెలియదు.

టీముల ఆటకి

నలుగురు నలుగురుగా ఆడే షూటింగ్ గేమ్ లీగ్ కూడా మాకు ఉంది. దానికి ముందు టీము సగటుతో ఈలో పెట్టాం. గెలిస్తే నలుగురికీ అన్నే, ఓడితే నలుగురికీ అన్నే. కొత్తవాడొకడు పాత ముగ్గురితో చేరితే, వాడి తప్పొప్పుల భారమంతా ఆ ముగ్గురి మీద సమానంగా పడింది.

ట్రూస్కిల్‌ని మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో హెర్బ్రిచ్, మింకా, గ్రేపెల్ అనే ముగ్గురు ఎక్స్‌బాక్స్ లైవ్ కోసం తయారు చేశారు. ఇదీ ప్రతి ఆటగాడికీ రెండు అంకెలు ఉంచుతుంది. మ్యూ అంటే బలం అంచనా, 25తో మొదలవుతుంది. సిగ్మా అంటే అనుమానం, 8.33తో మొదలవుతుంది. టీము బలం అంటే ఆటగాళ్ల మ్యూలన్నీ కలిపిన మొత్తం. ఆట అయ్యాక మార్పును అందరికీ ఒకేలా పంచదు, ఎవరి సిగ్మా వర్గానికి తగ్గట్టు వాళ్లకి పంచుతుంది. ముగ్గురి సిగ్మా 1.5, కొత్తవాడిది 8.33 అనుకోండి. వాటి వర్గాలు 2.25, 69, అంటే కొత్తవాడి మ్యూ మిగతావాళ్ల కన్నా 31 రెట్లు ఎక్కువ కదులుతుంది. టీము అనుకోకుండా ఓడితే "పాతవాళ్ల సంగతి నాకు తెలుసు, కొత్తవాణ్నే నేను ఎక్కువ అంచనా వేసి ఉంటాను" అన్నట్టు.

పట్టికలో చూపించేది మాత్రం మ్యూలోంచి మూడు సిగ్మాలు తీసేసిన అంకె. 25లోంచి 25 పోతే సున్నా. కొత్తవాడు సున్నా నుంచి ఎక్కుతాడు, మూడు ఆటలు గెలిచి పట్టిక పైన కూర్చోలేడు. పిల్లలకి ఇది బాగా నచ్చింది.

దీని హద్దులూ తెలుసుకోండి. గెలిచారా ఓడారా అన్నదే దానికి తెలుసు. ఎవరు ఎంతమందిని కొట్టారు, ఎవరు కాచుకున్నారు అన్నది ఏమీ తెలియదు. 2018లో వచ్చిన ట్రూస్కిల్ 2 వ్యక్తిగత స్కోరును కూడా లెక్కలోకి తెచ్చింది. టీము ఫలితం నుంచి ఒక్కొక్కరి బలం విడదీయడానికి చాలా ఆటలు కావాలి. మొదటి ట్రూస్కిల్‌ని తయారు చేసినవాళ్లే ఇచ్చిన అంకెలు ఇవి: ఒకరితో ఒకరు ఆడితే 12 ఆటలు, నలుగురు నలుగురైతే 46, ఎనిమిది మంది ఎనిమిది మందైతే 91. అదీ తక్కువలో తక్కువ. ఇంకొకటి, నలుగురు స్నేహితులు ఎప్పుడూ కలిసే ఆడితే ఎన్ని ఆటలాడినా వాళ్ల మొత్తమే తెలుస్తుంది, విడివిడిగా ఎప్పటికీ తెలియదు. అందుకే మేం నెలలో ఒక ఆదివారం చీటీలు తీసి టీములు కలిపేస్తాం. అలా ఎప్పటికీ టీములు మారకపోతే ట్రూస్కిల్ తలనొప్పి వద్దు, టీమునే ఒక ఆటగాడిగా రాసుకుని గ్లికో పెట్టుకోండి.

ట్రూస్కిల్ పేరు మీద, పద్ధతి మీద మైక్రోసాఫ్ట్ హక్కులు పెట్టుకుంది. డబ్బుల వ్యవహారం ఉన్న టోర్నమెంట్‌కైతే దాని బదులు ఓపెన్‌స్కిల్ వాడండి. వెంగ్, లిన్ అనే ఇద్దరు 2011లో ప్రచురించిన లెక్క మీద కట్టింది. మ్యూ, సిగ్మా అంకెలు అలాగే ఉంటాయి, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు.

ఏ పద్ధతీ తీర్చని చిక్కు

మూడింటిలో ఏది పెట్టుకున్నా ఒక సంగతి దగ్గర మేం దెబ్బతిన్నాం. మిర్యాలగూడ పిల్లలు ఏడాది పాటు ఎక్కువగా వాళ్లలో వాళ్లే ఆడుకున్నారు, నల్గొండ వాళ్లు వాళ్లలో వాళ్లు. రెండు చోట్లా సగటు 1500 దగ్గరే ఉంది. కానీ ఒక ఊరి 1500, ఇంకొక ఊరి 1500 ఒకటే అనడానికి ఆధారమేమీ లేదు. రెండు ఊళ్ల మధ్య ఆటలు జరిగితేనే ఆ రెండు కొలతలూ కలుస్తాయి. రేటింగ్ అంటే ఒకరి బలం కాదు, ఎవరితో ఆడారో వాళ్లతో పోలిక.

ఇది బయటపడింది ఇలా. రెండు ఊళ్లకీ మధ్య 20 ఆటలు పెట్టాం. అంకెల ప్రకారం మిర్యాలగూడ వాళ్లు సగటున 50 పైన ఉన్నారు, అంటే ఒక్కో ఆటలో 57 శాతం అవకాశం, 20లో 11.4 పాయింట్లు రావాలి. వచ్చింది 5. అంటే 25 శాతం. 25 శాతానికి సరిపోయే తేడా 190 కింద. 50 పైన ఉన్నామనుకున్నవాళ్లు నిజానికి 190 కింద ఉన్నారు, మొత్తం 240 తేడా.

అలాగని 240 తీసేయలేదు. 20 ఆటలంటే చాలా తక్కువ. ఆ 25 శాతం అదృష్టాన్ని బట్టి 6 నుంచి 44 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. 44 అనుకున్నా 90 పాయింట్ల తేడా మిగులుతుంది కాబట్టి ఎంతో కొంత తీయక తప్పదు. సగం, 120, మిర్యాలగూడ వాళ్లందరికీ ఒకేలా తగ్గించాం. వాళ్ల ఆర్డీని 120కి పెంచి, మిగిలింది ఆటలకే వదిలేశాం. అంతకన్నా ముందు, ప్రతి ఒక్కరూ నెలకు కనీసం రెండు ఆటలు పక్క ఊరివాళ్లతో ఆడాలని నియమం పెట్టాం. మిర్యాలగూడలో దీన్ని ఒప్పించడానికి నేను స్వయంగా వెళ్లి షీట్ తెరిచి ఆ 20 ఆటలూ ఒక్కొక్కటీ చూపించాను. మొత్తం చూశాక అందరికన్నా గట్టిగా వాదించిన పిల్లవాడే అడిగాడు, "అన్నా, దేవరకొండోళ్లతోని మాకు ఎన్ని ఆటలు పడ్డయ్?" లెక్కపెడితే మూడు. ఆ పని ఇంకా మిగిలే ఉంది.